ఖాళీ పక్కన దాగిన జవాబు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి అన్న ఫోన్ చేసి, ‘ఇంజనీరుగా నీ అనుభవాలు ఒక ఇరవై నిమిషాలు చెప్పప్పా’ అన్నాడు. నేను ముప్పై ఏళ్లుగా బెంగళూరులో చేస్తున్నది యంత్రభాగాల కొలతలు సరిచూసే పని. దాని గురించి వినడానికి మీరెవరూ బస్సెక్కి మడకశిర దాకా రాలేదని నాకు తెలుసు. అందుకని మన సంఘం ఎనిమిదో తరగతి పిల్లలకు పెడుతున్న నమూనా పరీక్ష గురించి మాట్లాడతాను. ఆ ప్రశ్నపత్రంలో తప్పులు దొర్లాయి. తప్పు వేరెవరిదీ కాదు, మనదే. అందులో నా వాటా కూడా ఉంది కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

పెద్దవాళ్లలో కొందరికి తెలియకపోవచ్చు కనుక రెండు మాటలు. ప్రభుత్వ బడుల్లో చదివే పేద పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2008 నుంచి నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. మన పిల్లలు దాన్ని ఎన్ఎంఎంఎస్ అంటారు. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. మేధాశక్తి పేపరులో 90 బిట్లు, పాఠ్యాంశాల పేపరులో 90 బిట్లు. ప్రతి బిట్టుకూ నాలుగు ఆప్షన్లు, తప్పు రాస్తే మార్కు కోత లేదు. రెండూ కలిపి నూటికి నలభై, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ముప్పై రెండు వస్తే అర్హత. ఆ తర్వాత జిల్లాల వారీగా మెరిట్ జాబితా వేస్తారు. దీనికి సాధనగా మన సంఘం విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం కలిపి 50 బిట్లతో ఒక పేపరు తయారు చేసి, అసలు పరీక్షకు నెల ముందు పెడుతోంది. ప్రశ్నలు మన టీచర్లే రాస్తారు. నేను టైపు చేయించడం, ప్రింటు తీయించడం చూసేవాణ్ణి.

మొదటి ఏడాది ప్రింటుకు పంపే ముందు రాత్రి, అక్షర దోషాలు చూద్దామని కూర్చుని, సరదాకి జవాబులు కూడా పెట్టుకుంటూ పోయాను. ఎనిమిదో తరగతి జీవశాస్త్రం నేను చదివి నలభై ఏళ్లు దాటింది. చరిత్ర సంగతి సరేసరి. కొన్ని తెలుసు, చాలావరకు తెలియవు. తెలియని వాటిలో ఏది జవాబులా ‘కనిపిస్తే’ అది పెట్టాను. కీ తో సరిచూసుకుంటే 50కి 34 వచ్చాయి.

నాకు సంతోషం కలగలేదు. భయం వేసింది. మా ఫ్యాక్టరీలో గేజి అని ఒకటుంటుంది. రంధ్రం సరైన కొలతలో ఉంటే అందులో దూరుతుంది, లేకపోతే దూరదు. ఏ రంధ్రంలో పెట్టినా దూరిపోతుంటే గేజి అరిగిపోయిందని అర్థం. పాఠాలు మరిచిపోయిన మనిషికి 34 మార్కులిచ్చే పేపరు పాఠం వచ్చినవాణ్ణీ రానివాణ్ణీ ఎలా వేరు చేస్తుంది?

తెలిసి రాసినవి పక్కన పెట్టి, తెలియకుండా సరిగ్గా పెట్టిన ప్రతి బిట్టు దగ్గరా ‘ఇది ఎందుకు పెట్టాను?’ అని మార్జిన్లో రాసుకున్నాను. ఎక్కువ చోట్ల రెండే కారణాలు తేలాయి. ఒకటి, ఖాళీ పక్కనున్న వ్యాకరణం మిగతా ఆప్షన్లను తోసేసింది. రెండు, జవాబు మిగతావాటికన్నా పొడుగ్గా ఉంది. ఇవాళ ఈ రెంటి గురించే చెబుతాను.

మొదటిదానికి మన దగ్గరి ఉదాహరణే. పేపరులో ఈ బిట్టు ఉండింది:

తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తమ రాజధానిని ______కు మార్చారు.
(ఎ) చంద్రగిరి (బి) పెనుకొండ (సి) రాయదుర్గం (డి) గుత్తి

చరిత్ర ఒక్క ముక్క తెలియనక్కర లేదు. ఒక్కొక్కటీ ఖాళీలో పెట్టి పైకి చదవండి. ‘చంద్రగిరికు’ అని తెలుగువాడెవడూ అనడు, చంద్రగిరికి అంటాం. ‘గుత్తికు’ అనం, గుత్తికి. రాయదుర్గం అయితే రాయదుర్గానికి. ఆ ‘కు’ పక్కన ఒద్దికగా కూర్చునేది పెనుకొండ ఒక్కటే. ఇకారంతో ముగిసే మాటకు కి, ని వస్తాయని, తక్కినవాటికి కు, ను అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం ఉంది. ఆ సూత్రం చదవకపోయినా ఇంట్లో తెలుగు విన్న ప్రతి పిల్లవాడి చెవిలో అది ఉంటుంది. సున్నతో ముగిసే మాటలు -ానికి, -ాన్ని అని రూపం మార్చుకోవడం కూడా అంతే.

ఇంగ్లీషు బిట్లలో ఈ జాడ సాధారణంగా ఖాళీకి ముందు ఉంటుంది, ‘ఏ’, ‘యాన్’ అనే చిన్న మాటల్లో. ‘విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పరికరం’ అని ఇంగ్లీషులో రాసి ఖాళీకి ముందు ‘యాన్’ పెట్టి, కింద వోల్ట్‌మీటర్, అమ్మీటర్, గాల్వనోమీటర్, రియోస్టాట్ అని ఇస్తే, అచ్చు శబ్దంతో మొదలయ్యేది అమ్మీటర్ ఒక్కటే. తెలుగులో విభక్తి మాట వెనక అంటుకుంటుంది, క్రియ వాక్యం చివర వస్తుంది. అందుకని మన జాడలన్నీ ఖాళీ తర్వాత ఉంటాయి. ప్రశ్న రాసేవాళ్లకు అవి కనబడకపోవడానికి కారణం ఉంది. టీచరు ముందు పూర్తి వాక్యం అనుకుంటారు, ‘రాజధానిని పెనుకొండకు మార్చారు’ అని. తర్వాత అందులోంచి పెనుకొండను తీసేసి గీత గీస్తారు. ‘కు’ అక్కడే మిగిలిపోతుంది. వాళ్ల మనసులో ఆ ఖాళీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు కాబట్టి, తప్పు ఆప్షన్లు అందులో పెట్టి చదివి చూడరు.

ఇక్కడ నా స్నేహితుడి సంగతి చెప్పాలి. వాడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెబితే తంతానన్నాడు కాబట్టి చెప్పను. మనతో చదివిన అగళి, రొళ్ల, అమరాపురం వైపు పిల్లల్లో చాలామంది ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లని మీకు తెలుసు. వీడూ అంతే. తెలుగు బడికొచ్చాకే నేర్చుకున్నాడు. ఏడో తరగతిలో మేమిద్దరం ఒక స్కాలర్‌షిప్ పరీక్ష రాశాం. వాడు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే రకం. నేను అన్ని పాఠాలూ చదివే రకం కాదు. నాకొచ్చింది, వాడికి రెండు మార్కుల్లో పోయింది. వాళ్ల నాయన ఆ ఏడాది వాణ్ణి వక్కతోట పనికి మళ్లించబోతే మన హెడ్మాస్టరు గారు ఇంటికెళ్లి మాట్లాడి ఆపారు.

ఆ పరీక్షలో ఒక బిట్టు నాకు నిన్న రాసినట్టు గుర్తు. ‘ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీ సబర్మతి నుంచి ______కి నడిచారు.’ ఆప్షన్లు వార్ధా, ఖేడా, దండి, చంపారన్. నాకు జవాబు తెలియదు. ‘దండికి’ అన్నది నోటికి బాగుంది, పెట్టేశాను. ఇలాంటివి ఆ పేపరులో ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, రెండు మార్కుల తేడాకు రెండు చాలు. కన్నడంలో కూడా ఇలాంటి తేడా ఉంది, కాని దాని లెక్క వేరు. గుత్తిగె, చంద్రగిరిగె అంటారు, పెనుకొండక్కె, రాయదుర్గక్కె అంటారు. అంటే వాళ్ల చెవికి పెనుకొండా రాయదుర్గమూ ఒక జట్టు. తెలుగు ‘కు’ పక్కన ఏది ఎబ్బెట్టుగా ఉందో నాకు తట్టినంత చప్పున పన్నెండేళ్ల వాడికి తట్టకపోవడంలో వింతేముంది? పోయిన ఏడు ఈ పెనుకొండ బిట్టు వాడికి చూపించినప్పుడు చాలాసేపు కాగితం వైపు చూసి, ‘అంటే నువ్వు చెవితో రాసినావు, నేను పుస్తకంతో రాసినా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నేను నవ్వలేకపోయాను.

వ్యాకరణపు జాడ అందరికీ సమానంగా దొరికే ఉచిత మార్కు అయ్యుంటే నేను ఇంత పట్టించుకునేవాణ్ణి కాదేమో. మన సరిహద్దు మండలాల్లో అది ఇంటిభాషను బట్టి దొరికే మార్కు. సైన్సు పేపరులో తెలుగు చెవికి మార్కులిస్తున్నాం.

సరే, ఎలా బాగుచేశామో చెబుతాను. ఒక టీచరమ్మ ‘______కు/కి’ అని రెండూ పెడితే సరిపోదా అన్నారు. చంద్రగిరి, గుత్తి నిలబడతాయి గాని రాయదుర్గం అప్పుడూ పడిపోతుంది. పైగా చూడడానికి ఫారం నింపినట్టు ఉంటుంది. నిలబడ్డ పద్ధతులు రెండు. ఒకటి, విభక్తిని ఖాళీ దగ్గర నుంచి తీసి ఆప్షన్లకే అంటించడం: చంద్రగిరికి, పెనుకొండకు, రాయదుర్గానికి, గుత్తికి. వాక్యం సహజంగా ఉంటుంది, నాలుగూ సరిగ్గా అతుకుతాయి. రెండు, ఖాళీయే లేకుండా పూర్తి ప్రశ్న అడగడం: ‘తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న పట్టణం ఏది?’

ఈ రెండోది బోర్డు మీద రాయగానే సోషల్ సార్ లేచి, ‘ఆగండాగండి, చంద్రగిరి కూడా జవాబే కదా’ అన్నారు. నిజమే. 1565లో యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు పెనుకొండకు చేరాడు. ఆ తర్వాతి కాలంలో రాజధాని చంద్రగిరికి కూడా వెళ్లింది. ‘యుద్ధం తర్వాత’ అంటే రెండూ సరైనవే. అంతవరకు చంద్రగిరిని ‘కు’ అడ్డుకుంటోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వ్యాకరణపు జాడ తీసేయగానే దాని వెనక దాక్కున్న అసలు తప్పు బయటపడింది. ‘యుద్ధం తర్వాత మొదట రాజధానిగా చేసుకున్న’ అని సరిచేశాం. అప్పటి నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాం. జాడ తీసేసిన ప్రతి బిట్టునూ, జవాబు ఒకటేనా అని ఆ పాఠం చెప్పే టీచరు మళ్లీ చూడాల్సిందే.

‘కు’ ఎంత కఠినమో ‘కి’ అంత కఠినం కాదన్నది కూడా గమనించాం. నేటి వాడుకలో విజయవాడకి, పెనుకొండకి అని బాగానే అంటున్నాం. టీవీలో అనంతపురంకి కూడా వినబడుతోంది. కాని ‘గుత్తికు’ ఇంకా ఎవరి నోటా రాలేదు. అందుకని ఖాళీ తర్వాత ‘కు’, ‘ను’ కనబడితే మొదట అనుమానించాలి. ‘కి’, ‘ని’ కాస్త తక్కువ ప్రమాదం. ‘లో’, ‘తో’, ‘వల్ల’ చాలావరకు ఏ మాటకైనా అతుకుతాయి, అయితే ఇల్లు, ఊరు వంటి మాటలు ఇంట్లో, ఊళ్లో అని మారతాయి గనుక అక్కడ చూసుకోవాలి.

క్రియలో దాగే జాడ రెండు రకాలు. ఒకటి లింగం. ‘1911లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ______ అందుకుంది’ అని రాసి, కింద రూథర్‌ఫర్డ్, మేరీ క్యూరీ, మెండలీవ్, జె.జె. థామ్సన్ అని ఇస్తే ఇంకేముంది, ‘అందుకుంది’ జవాబు చెప్పేసింది. దీనికి మందు మన భాషలోనే ఉంది, గౌరవ బహువచనం. ‘అందుకున్నవారు ఎవరు?’ అంటే ఆడా మగా తేడా మాయమవుతుంది. మర్యాదకు మర్యాద, పరీక్షకు పరీక్ష. రెండోది వచనం. ‘పైత్యరసాన్ని స్రవించేది ______’ అని రాసి కాలేయం, మూత్రపిండాలు, లాలాజల గ్రంథులు, ఊపిరితిత్తులు అని ఇచ్చాం. ‘స్రవించేది’ ఏకవచనం, ఆప్షన్లలో ఏకవచనం కాలేయం ఒక్కటే. ఇక్కడ ప్రశ్నను ఎంత తిప్పి రాసినా లాభం లేదు, ఆప్షన్లనే మార్చాలి. కాలేయం, క్లోమం, జీర్ణాశయం, ప్లీహం అని పెట్టాం. ఇవన్నీ ఒకే వచనం, పైగా పొట్టలో పక్కపక్కనే ఉండేవి కాబట్టి, తెలియని పిల్లవాడు నిజంగానే తడబడతాడు.

వీటన్నిటికీ ఒకటే పరీక్ష. ప్రశ్న రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు, తప్పు ఆప్షన్లు మూడింటినీ ఒక్కొక్కటిగా ఖాళీలో పెట్టి పైకి చదవాలి. కళ్లతో చదివితే దొరకదు, నోటితో చదవాలి. యాభై బిట్లకు గంట పడుతుంది. మా స్టాఫ్ రూములో ఆ గంటసేపు వినిపించినన్ని తప్పుడు చరిత్రలు, తప్పుడు సైన్సులు మరెక్కడా వినలేదు.

ఇక పొడుగు సంగతి. ఇది భాషకు సంబంధించింది కాదు, మనిషి ఓపికకు సంబంధించింది. సరైన జవాబు తప్పుకాకుండా ఉండాలని టీచరు దానికి జాగ్రత్తలన్నీ చేరుస్తారు. తప్పు ఆప్షన్లకు ఆ బాధ లేదు, సాయంత్రం నాలుగున్నరకు మూడు ముక్కలు రాసి పారేస్తారు. మన పేపరులో ఇలా ఉండింది:

వేరుశనగ వేసిన పొలంలో మరుసటి పంటగా జొన్న వేయడం వల్ల లాభం ______
(ఎ) నీరు ఆదా (బి) కలుపు రాదు (సి) వేరుశనగ వేర్ల బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపించడం వల్ల అది నేలలో చేరి తర్వాతి పంటకు అందుతుంది (డి) ఖర్చు తక్కువ

మన పిల్లలు వేరుశనగ చేలలో పుట్టి పెరిగినవాళ్లు. అయినా ఈ బిట్టుకు చేను చూసి ఉండనక్కర లేదు, దూరం నుంచి కాగితం చూస్తే చాలు. తప్పు ఆప్షన్లను సాగదీసి పొడుగు చేద్దామని మొదట ప్రయత్నించాం. ‘చాలావరకు నీటిని ఎంతో ఆదా చేయడం జరుగుతుంది’ వంటి వాక్యాలు పుట్టుకొచ్చాయి. నీళ్లు కలిపిన పాలు అని పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. సరైన పద్ధతి జవాబును కత్తిరించడం, అందులోని వివరాల్లో తీసుకోదగినవి ప్రశ్నలోకి తీసుకోవడం, తప్పు ఆప్షన్లను జవాబు అచ్చులోనే పోయడం. చివరికి ఇలా కుదిరింది:

వేరుశనగ తర్వాత అదే పొలంలో జొన్న వేస్తే యూరియా తక్కువ వేసినా సరిపోతుంది. దానికి కారణం ఏది?
(ఎ) వేరుశనగ ఆకులు నేలలోని తేమను నిలుపుతాయి.
(బి) వేరుశనగ ఊడలు నేలను లోతుగా గుల్ల చేస్తాయి.
(సి) వేరుశనగ వేర్లలోని బాక్టీరియా నత్రజనిని చేరుస్తుంది.
(డి) వేరుశనగ పొట్టు నేలలోని పురుగులను చంపుతుంది.

మొదటి చిత్తులో ‘యూరియా తక్కువ’ అన్న మాట లేదు, ‘జొన్న బాగా పండుతుంది’ అని ఉంది. నా స్నేహితుడు చూసి, ‘కాయ పెరికితే నేల గుల్లబారదా? గుల్లబారితే పంట బాగుండదా?’ అన్నాడు. ఆ మాట రైతు బిడ్డ ఎవరైనా అంటాడు. అందుకని ప్రశ్నను యూరియాకు కట్టేశాం. నేల ఎంత గుల్లబారినా నత్రజని రాదు కదా. నాలుగు వాక్యాలూ ఇప్పుడు ‘వేరుశనగ’తో మొదలై క్రియతో ముగుస్తాయి, నాలుగూ దాదాపు ఒకే పొడుగు. చదివినవాడికీ చదవనివాడికీ తేడా బాక్టీరియా దగ్గరే తెలుస్తుంది.

ఒక్క బిట్టులో జవాబు పొడుగ్గా ఉంటే నేరం కాదు. పేపరు మొత్తంలో అలవాటుగా మారితేనే పట్టుబడుతుంది. దాన్ని లెక్కపెట్టవచ్చు. నాలుగు ఆప్షన్లలో జవాబే అన్నిటికన్నా పొడుగ్గా ఉండడం కాకతాళీయమైతే 50 బిట్లలో పన్నెండు పదమూడు చోట్ల జరగాలి. అదృష్టం అటూఇటూ ఊగుతుంది కాబట్టి ఏడు నుంచి పద్దెనిమిది దాకా వచ్చినా కంగారుపడను. మన మొదటి పేపరులో 26 వచ్చాయి. లెక్కకు నేను స్ప్రెడ్‌షీట్ వాడాను. ఒక్కో ఆప్షన్ ఒక్కో గడిలో పెట్టి పక్క గడిలో `=LEN(C2)` అని కొడితే పొడుగు చెబుతుంది. అయితే తెలుగులో ఇది అక్షరాలు లెక్కపెట్టదు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా విడివిడిగా లెక్కేస్తుంది. పెనుకొండా చంద్రగిరీ మనకు నాలుగేసి అక్షరాలు, దానికి ఒకటి ఎనిమిది, ఇంకొకటి తొమ్మిది. ఒంటి మాటల ఆప్షన్లకు ఈ తేడా పట్టించుకోవద్దు. వాక్యాలకు సరిపోతుంది. స్ప్రెడ్‌షీట్ వద్దనుకునేవాళ్లు ప్రింటు తీసి జవాబులకు చుట్టూ గీత గీసి, కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని చూడండి. చుట్టిన గీతలు బయటికి తోసుకొస్తుంటే తెలిసిపోతుంది.

ఇక్కడ మేం ఇంకో గోతిలో పడ్డాం. జవాబులు కత్తిరించాలన్న ఉత్సాహంలో అన్నిటినీ కత్తిరించేశాం. రెండో చిత్తు లెక్క చూస్తే జవాబు పొడుగ్గా ఉన్నవి నాలుగు, జవాబే అన్నిటికన్నా పొట్టిగా ఉన్నవి ఇరవై రెండు. గడుసు పిల్లవాడికి ఇదీ దారే, తలకిందులుగా నడవాలంతే. మళ్లీ కూర్చుని కొన్ని చోట్ల జవాబును పొడుగ్గా, కొన్ని చోట్ల మధ్యరకంగా ఉంచి సరిచేశాం. నాలుగూ ఒకే పొడుగు ఉండాలన్న పట్టుదల కూడా మంచిది కాదు, వాక్యాలు చెడతాయి. రెండు పొడుగు, రెండు పొట్టి అయినా జాడ దొరకదు.

ఈ గడుసుదనం మన పిల్లల సొత్తేమీ కాదు. దీన్ని ఇంగ్లీషులో టెస్ట్-వైజ్‌నెస్ అంటారు. 1964లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ గిబ్ అనే ఆయన దాన్ని కొలవడానికే 70 బిట్ల పేపరు తయారు చేశాడు. పాఠం తెలిసి జవాబు పెట్టడానికి వీల్లేకుండా ప్రశ్నలు పెట్టి, ప్రతిదానిలో ఏదో ఒక జాడ కావాలనే వదిలాడు. మరుసటి ఏడాది మిల్మన్, బిషప్, ఈబెల్ అనే ముగ్గురు ఈ జాడలన్నిటినీ వర్గాలుగా విడదీసి రాశారు. నేను వాటి గురించి చదివినప్పుడు, మనం కావాలని చేయకుండానే గిబ్ పేపరు లాంటిది తయారు చేశామే అనిపించింది.

గిబ్ పద్ధతిని మనం తిప్పి వాడుకున్నాం. పోయిన ఏడు సరిచేసిన పేపరును ముందు ఆరో తరగతికి ఇచ్చాం. వాళ్లకు ఎనిమిదో తరగతి పాఠాలు ఇంకా చెప్పలేదు. ‘ఇది మీ మార్కుల్లో కలవదు, తోచింది పెట్టండి’ అన్నాం. వాళ్ల సగటు పన్నెండు పదమూడు దగ్గరుంటే పేపరు శుభ్రంగా ఉన్నట్టు. కాస్త ఎక్కువే వచ్చింది, ఎందుకంటే పిల్లలకు కొన్ని విషయాలు బయట కూడా తెలుస్తాయి. మాకు కావలసింది సగటు కన్నా ఒక్కో బిట్టు లెక్క. పాఠం వినని పిల్లల్లో సగం మందికి పైగా సరిగ్గా పెట్టిన బిట్లు నాలుగు తేలాయి. వాటిని విడిగా చూశాం. రెండు నిజంగానే అందరికీ తెలిసిన సంగతులు. మూడోదానిలో ‘ను’ ఒకటి మా కళ్లు గప్పి మిగిలిపోయింది. నాలుగోది నవ్వొచ్చే తప్పు. ‘వేరు బుడిపెలు ఏ పంటలో ఉంటాయి?’ అని అడిగి, ఆప్షన్లలో వరి, గోధుమ, వేరుశనగ, మొక్కజొన్న ఇచ్చాం. ప్రశ్నలో ‘వేరు’, జవాబులో ‘వేరు’. పిల్లలు జత కలిపేశారు. వేరుశనగ తీసేసి కంది పెట్టాం.

దీనికి ఖర్చు లేకపోలేదు. సరిచేసిన పేపరులో ఎనిమిదో తరగతి మార్కులు తగ్గాయి. ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి, ‘పోయిన సారి మా పెద్దోడికి నలభై వచ్చినాయి, చిన్నోడికి ఇరవై ఎనిమిదేనా? ఏం చెప్తాండారు సార్ మీరు?’ అని నిలదీశారు. సైన్సు మేడమ్ పాపం వాళ్లకు పాత పేపరు, కొత్త పేపరు పక్కపక్కన పెట్టి పెనుకొండ బిట్టు చదివి వినిపించారు. ఒకాయన ఒప్పుకున్నాడు, ఇంకొకాయన ఒప్పుకోలేదు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు కొత్త పేపరులో మిగతావాళ్లతో పోలిస్తే కాస్త మెరుగయ్యారా అని కూడా చూశాను. అయినట్టే ఉంది. కాని వాళ్లు పదకొండు మంది, పైగా రెండు పేపర్లూ రాసింది ఒకే పిల్లలు కాదు. పదకొండు మంది లెక్కతో ఏదీ తేల్చి చెప్పలేను. నాలుగైదేళ్ల పేపర్లు పోగైతే మళ్లీ చూస్తాను. ఈలోగా వాళ్లు గెలిచారని ఎవరైనా వేదిక మీద చెబితే నమ్మకండి, నేను చెప్పినా సరే.

ఈ పనిలో నేను చేసింది లెక్కపెట్టడం, గట్టిగా చదవడం. ప్రశ్నలు మళ్లీ మళ్లీ రాసింది మన టీచర్లు, సెలవు రోజుల్లో వచ్చి, ఇంజనీరు నోట ‘ఇదీ బాగోలేదు’ అన్న మాట పదిసార్లు విని ఓర్చుకున్నవాళ్లు. వచ్చే ఏడాది పేపరు చిత్తు డిసెంబరు మొదటి ఆదివారం మన బడి లైబ్రరీలో చదువుతాం. గట్టిగా చదవడానికి ఇద్దరు కావాలి. ఒకరు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒకరు కన్నడం మాట్లాడేవాళ్లు అయితే మేలు. కన్నడం కుర్చీకి నా స్నేహితుడు వస్తానన్నాడు. తెలుగు కుర్చీ ఖాళీగా ఉంది, పేరు కార్యదర్శి అన్న దగ్గర రాయించండి. మధ్యాహ్నం భోజనం సంఘం పెడుతుంది.

సెలవు. నమస్కారం.